ఫోటో చూసి గిలాబుకు సిమెంట్ బస్తాల లెక్క

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నేను భివండిలో పని చేస్తున్నాను. ఊర్లో కడుతున్న ఇంటికి వెనక గోడ బయటి గిలాబు ఒక్కటే మిగిలింది. బాపు ఆ గోడ ముందు నిలబడి దిగిన ఫోటో పంపించాడు. బాపు ఎత్తు 5 అడుగుల 6 ఇంచులు. దాన్ని బట్టి ఫోన్‌లో కొలుచుకుంటే గోడ 26 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు వచ్చింది. రెండు కిటికీలకు 24 చదరపు అడుగులు తీసేసి, మందం 12 ఎంఎం, మాలు 1:6 అనుకుంటే బస్తాన్నర కూడా రావడం లేదు. సుతారి మేస్త్రి మాత్రం 6 బస్తాలు తెమ్మంటున్నాడు. బాపుకు లెక్క తెలియదని ఎక్కువ చెబుతున్నాడా? ఫోటో జత చేశాను.

జవాబు: మేస్త్రి ఎక్కువ చెప్పలేదు. 1:4 మాలు మనసులో పెట్టుకుని చెప్పి ఉంటే 6 బస్తాలు సరిగ్గా సరిపోతాయి. 1:5 మాలు అయితే 5 చాలు. మీరు గుణకారం తప్పు చేయలేదు, వేసుకున్న అంకెలే చిన్నవి. గోడ విస్తీర్ణం తక్కువ పడింది, మందం తక్కువ పడింది, మాలులో సిమెంట్ పాలు కూడా తక్కువ పడింది. ఈ మూడూ కూడుకునేవి కాదు, ఒకదానితో ఒకటి గుణించుకునేవి. అందుకే ఒక్కోటి విడిగా చూస్తే పెద్దగా అనిపించకపోయినా చివరికి నాలుగింతల తేడా వచ్చింది. మేస్త్రి మీద అనుమానం పక్కన పెట్టి, ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఫోటో సంగతి. మీ బాపు గోడకు ఆనుకుని నిలబడలేదు. గోడ మొదట్లో ఇటుక ముక్కల కుప్ప ఉంది, ఆయన దానికి ఇవతల నిలబడ్డాడు. ఆయనకూ గోడకూ మధ్య మూడడుగులు ఉంటుందని నా అంచనా. ఇంత పొడవు గోడ మొత్తం ఒక్క ఫోటోలో పడాలంటే మామూలు ఫోన్ కెమెరాతో ఇరవై అడుగులకు పైనే వెనక్కి వెళ్లాలి, 22 అడుగులు అనుకుందాం. అంటే కెమెరాకు గోడ 22 అడుగుల దూరంలో ఉంటే మీ బాపు 19 అడుగుల దూరంలోనే ఉన్నాడు. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. ఎంత పెద్దగా అంటే 22ను 19తో భాగిస్తే వచ్చినంత, దాదాపు 1.16 రెట్లు. మీరు ఆయన ఎత్తునే కొలబద్దగా పెట్టుకున్నారు కాబట్టి, కొలబద్ద పెద్దగా కనిపించినంత మేర గోడ చిన్నదైపోయింది. పొడవూ 1.16 రెట్లు తగ్గింది, ఎత్తూ 1.16 రెట్లు తగ్గింది. రెండూ కలిసి విస్తీర్ణంలో మూడో వంతు తేడా తెచ్చాయి. మనిషి గోడ నుంచి మూడడుగులు ఇవతలకు రావడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఒక్క దానివల్లే 80 చదరపు అడుగుల గోడ మీ లెక్కలోంచి జారిపోయింది.

అదృష్టం ఏమిటంటే, గిలాబు కాని గోడ ఫోటోలోనే ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద ఉంటుంది. అవి ఇటుకలు. ఫోటోలో ఇటుకలను కొలవకండి, లెక్కపెట్టండి. కొలిస్తే కెమెరా దూరం, వంపు, లెన్స్ అన్నీ అడ్డొస్తాయి. లెక్కపెడితే ఏదీ అడ్డురాదు. ఫోటో వంకరగా తీసినా 36 వరుసలు 36 గానే ఉంటాయి. మీ ఫోటోను పెద్దది చేసి చూస్తే కింది నుంచి పై దాకా 36 వరుసలు కనిపించాయి. పొడవాటి వైపు బయటికి కనిపించేలా ఇటుకలు పేర్చిన వరుసలో 38 ఇటుకలు ఉన్నాయి. 9 ఇంచుల గోడలో ఒక వరుసలో ఇటుక పొడవు, ఇంకో వరుసలో ఇటుక వెడల్పు బయటికి కనిపించవచ్చు. అందుకే పొడవు కనిపించే వరుసనే పట్టుకోవాలి, చివర్లో కోసిన ముక్కలు ఉంటే వాటిని ముక్కలుగానే లెక్కలోకి తీసుకోవాలి. పిల్లర్లు, పై దూలం ఉన్న గోడ అయితే అక్కడ ఇటుకలు కనిపించవు కాబట్టి వాటి వెడల్పు విడిగా కొలిచి కలపాలి. మీ గోడకు అవి లేవు.

ఇక కావాల్సింది ఒక్క ఇటుక వరుస ఎంత ఎత్తుందనేది. మన దగ్గర బట్టీ ఇటుక మూడించుల మందం, మధ్యలో మాలు అర ఇంచు, కలిపి మూడున్నర ఇంచులు అనుకోవడం మామూలు. కానీ బట్టీకీ బట్టీకీ సైజు మారుతుంది, మాలు మందం మేస్త్రి చేతిని బట్టి మారుతుంది. అందుకని మీ బాపుతో టేపు పట్టించి పది వరుసల ఎత్తు ఒకేసారి కొలిపించండి. ఒక్క వరుస కొలిస్తే చిన్న పొరపాటు కూడా 36 రెట్లవుతుంది. పది వరుసలు కలిపి కొలిస్తే ఆ పొరపాటు పదో వంతుకు తగ్గిపోతుంది. పది వరుసలకు 35 ఇంచులు వస్తే 36 వరుసలకు 126 ఇంచులు, అంటే పదిన్నర అడుగులు. అలాగే అడ్డంగా పది ఇటుకలు కొలిపించండి. 95 ఇంచులు వస్తే 38 ఇటుకలకు 361 ఇంచులు, అంటే 30 అడుగులు. నేను ఈ కొలతలనే పెట్టుకుని ముందుకు వెళ్తున్నాను. ఎత్తు కొలతలో మీకు 35 బదులు 36 వస్తే గోడ మూడున్నర ఇంచులు పెరుగుతుంది, లెక్క పెద్దగా కదలదు.

బాపు నేరుగా టేపుతో గోడంతా కొలిచి అంకెలు రాసి పంపగలిగితే ఇంకా మంచిదే. కాకపోతే ఒక జాగ్రత్త. టేపు ఫోటో పంపమంటే ఒకవైపు ఇంచులు, మరోవైపు సెంటీమీటర్లు ఉంటాయి, ఏ వైపు చదివాడో అడిగి రాసుకోండి. 10 అడుగుల 6 ఇంచులను చాలామంది 10.6 అని రాస్తారు. ఫోన్‌లో గుణించేటప్పుడు అది 10.5 కావాలి. 10 అడుగుల 11 ఇంచులను 10.11 అని రాస్తే దాదాపు పది ఇంచుల గోడ పోతుంది.

30ని పదిన్నరతో గుణిస్తే 315 చదరపు అడుగులు. కిటికీలు నాలుగడుగుల చదరంగా ఉన్నాయి, రెండూ కలిపి 32 తీసేస్తే 283. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కిటికీ చుట్టూ గోడ మందంలో కనిపించే అంచులకు కూడా గిలాబు చేయాలి. ఒక్కో కిటికీ చుట్టుకొలత 16 అడుగులు, బయటివైపు అంచు నాలుగైదు ఇంచులు, కాబట్టి రెండు కిటికీలకు దాదాపు 12 చదరపు అడుగులు తిరిగి వచ్చి కలుస్తాయి. మొత్తం 295. మీరు వేసుకున్న 210 ఎక్కడ, ఈ 295 ఎక్కడ! ఫోటోలో ఇటుక ముక్కల కుప్ప వెనక గోడ అడుగు భాగం ఎంత దాగి ఉందో కూడా బాపును అడగండి. అక్కడ ఒక్క అడుగు ఎత్తు దాగి ఉన్నా 30 చదరపు అడుగులు పెరుగుతాయి.

ఇదంతా సిమెంట్ కొనడానికి వేసుకునే కొలత. కూలి కట్టే కొలత వేరు. చాలా చోట్ల మేస్త్రీలు కిటికీలు తీసేయకుండా నిండు గోడకే కూలి అడుగుతారు, అంచులు చెక్కుచెదరకుండా తీర్చడం గోడ చదును చేయడం కంటే ఎక్కువ పని కాబట్టి. ఆ మాట ముందే తేల్చుకోండి. సిమెంట్ లెక్కకూ కూలి లెక్కకూ తేడా వస్తే దాన్ని మోసం అనుకోవద్దు.

ఇప్పుడు బస్తా దగ్గరికి వద్దాం. ఫోన్‌లో లెక్క వేసే ముందు ఒక బస్తా ఎంత గోడను కప్పుతుందో మనసులో పెట్టుకుంటే ఎవరి మాటైనా అక్కడికక్కడే సరిచూడొచ్చు. 50 కిలోల బస్తా విప్పితే సిమెంట్ ఒకటింపావు ఘనపు అడుగుకు కాస్త తక్కువ, 1.226 ఉంటుంది. ఇసుకతో పొడిగా కలిపి నీళ్లు పోశాక ఆ మొత్తం నాలుగో వంతు తగ్గిపోతుంది. సిమెంటూ నీళ్లూ ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి వెళ్లిపోతాయి కదా, అందుకు. ఈ తగ్గుదల తీసేసి లెక్కేస్తే, మాలులో ఒక్కో పాలుకు ఒక ఇంచు మందంతో 11 చదరపు అడుగుల గోడ వస్తుంది. 1:4 అంటే మొత్తం ఐదు పాళ్లు, కాబట్టి బస్తాకు 55 చదరపు అడుగులు. 1:5 అంటే ఆరు పాళ్లు, 66. 1:6 అంటే ఏడు పాళ్లు, 77. అన్నీ ఒక ఇంచు మందానికే. అర ఇంచు మందమైతే రెట్టింపు గోడ వస్తుంది. కాబట్టి చదరపు అడుగులను ఇంచుల్లో మందంతో గుణించి, ఈ 55, 66, 77ల్లో మీ మాలుకు తగినదానితో భాగిస్తే బస్తాలు వచ్చేస్తాయి. మీ పాత అంకెలనే ఇందులో పెట్టి చూడండి. 210ని 0.47 ఇంచుతో గుణించి 77తో భాగిస్తే ఒకటింపావు బస్తా వస్తుంది. మీకు వచ్చిన జవాబు అదే, కాబట్టి సూత్రం తప్పు కాదు.

అసలు తేడా తెచ్చింది మందం. ఏ ఫోటో అయినా పొడవు, ఎత్తు ఎంతో కొంత చెబుతుంది, మందం మాత్రం అస్సలు చెప్పదు. 12 ఎంఎం అన్నది లోపలి గోడకు, అదీ మేస్త్రి దారం పట్టి కట్టిన నున్నటి వైపుకు చెప్పే మందం. ఇటుకలన్నీ ఒకే పొడవు ఉండవు. కట్టేటప్పుడు ఒక వైపు దారానికి సరిగ్గా పెడితే ఎక్కువ తక్కువలన్నీ రెండో వైపుకు పోతాయి. అటువైపు 15 ఎంఎం పెట్టుకుంటారు. వానకు తడిసే బయటి గోడకు రెండు కోట్లలో 20 ఎంఎం మామూలు. మీది బయటి గోడ, కాబట్టి 12 దగ్గర మొదలుపెట్టడమే కుదరదు.

20 కూడా పుస్తకంలో మందమే, మీ గోడ మందం కాదు. గిలాబు పైభాగం నిటారుగా, చదునుగా ఉండాలి, కింద గోడ అలా ఉండదు. ఏదో ఒక ఇటుక అన్నిటికంటే ముందుకు వచ్చి ఉంటుంది. దాని మీద కనీస మందం పడాలి, మిగతా గోడంతా ఆ ఇటుక నుంచి ఎంత వెనక్కి ఉంటే అంత ఎక్కువ మాలు తాగుతుంది. కాబట్టి సగటు మందం అంటే కనీస మందానికి గోడ సగటు లోతు కలిపినంత. ఈ లోతును మేస్త్రి పని మొదలుపెట్టే ముందే కొలవొచ్చు, గంట కూడా పట్టదు.

గోడ పైన రెండు చివర్లా మేకులు కొట్టి, రెండూ గోడ నుంచి సమానంగా బయటికి ఉండేలా చూడాలి. ఒక్కో మేకుకు తూకం గుండు వేలాడదీసి దారం కదలకుండా నిలబడనివ్వాలి. తర్వాత ఆ రెండు నిలువు దారాలకు తగిలేలా ఒక అడ్డ దారం లాగి, పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి పట్టాలి. ప్రతిసారీ ఎడమ, నడుమ, కుడి చోట్ల దారానికీ ఇటుకకూ మధ్య ఎడం కొలిచి రాసుకోవాలి. మొత్తం తొమ్మిది అంకెలు వస్తాయి. అన్నిటికంటే చిన్నదాన్ని మిగతా వాటిలోంచి తీసేస్తే, ముందుకొచ్చిన ఇటుక నుంచి ఎక్కడెక్కడ ఎంత లోతుందో తేలిపోతుంది. ఇంత పొడవు గోడలో దారం నడుమ కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి బిగించి పట్టుకోమని చెప్పండి.

ఓ మాదిరిగా కట్టిన గోడ మీద ఆ అంకెలు ఎలా ఉండొచ్చో చూడండి. పై వరుసలో 0, 4, 9 ఎంఎం. నడుమ 6, 11, 14. కింద 3, 8, 8. అన్నీ కలిపితే 63, తొమ్మిదితో భాగిస్తే సగటున 7 ఎంఎం. ముందుకొచ్చిన ఇటుక మీద కనీసం 15 ఎంఎం పెట్టాలనుకుంటే సగటు మందం 22 అవుతుంది. దీనికి ఇటుకల మధ్య సందులు కూడా కలపాలి. గిలాబు గోడను పట్టుకోవాలని కట్టేటప్పుడే ఆ సందుల్లో మాలును పది ఎంఎం లోతు గీకి వదులుతారు. గోడ ముఖంలో సందుల వాటా ఐదో వంతుకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి అవి నిండడానికి గోడంతా పరిచినట్టు లెక్కేస్తే ఇంకో 2 ఎంఎం పడుతుంది. మొత్తం 24 ఎంఎం, అంటే 0.95 ఇంచు. మీరు అనుకున్న 12కు సరిగ్గా రెట్టింపు. ఇందులో ఎవరూ వృథా చేసిందేమీ లేదు.

మీరు తొమ్మిది కొలతలు తెప్పించుకునే వరకు ఆగలేకపోతే, సాయంత్రం ఎండ గోడ మీద పక్క నుంచి పడేటప్పుడు ఫోటో తీయించండి. ముందుకొచ్చిన ఇటుకల నీడలు పక్కవాటి మీద పడి, ఉబ్బినచోటు, లోతైన చోటు తెలుస్తాయి. అంకె రాదు గానీ, గోడ ఎలాంటిదో అర్థమవుతుంది. నీడలు ఎక్కువగా కనిపిస్తే 20 ఎంఎంతో సరిపెట్టుకోవద్దు.

అదే తొమ్మిది అంకెల్లో ఇంకో విషయం కూడా చూడాలి. నడుమ కుడివైపు లోతు 14. అక్కడ మాలు 15తో కలిపి 29 ఎంఎం పడుతుంది. అంత మందం ఒక్కసారిగా కొడితే బరువుకు జారుతుంది, ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. అలాంటి చోట ముందురోజే పల్చగా ఒక పూత వేసి, గీతలు పెట్టి ఆరనిచ్చి, తర్వాత మిగతా గోడతో కలపాలి. గోడలో ఎక్కడైనా లోతు 25 దాటితే మేస్త్రితో విడిగా మాట్లాడండి. అది గోడ కట్టడంలో వచ్చిన తేడా, దాన్ని సిమెంట్‌తో దాచడం ఖరీదైన పని.

మూడోది మాలు పాళ్లు. 1:6 లోపలి గోడలకు నడుస్తుంది. మీ వెనక గోడకు వానజల్లు నేరుగా కొడుతుంది కాబట్టి నేను 1:5 వేయించమంటాను. మేస్త్రి 1:4 అంటే అదీ తప్పు కాదు, కాకపోతే సిమెంట్ పాలు పెరిగే కొద్దీ ఆరేటప్పుడు సన్న పగుళ్లు ఎక్కువ వస్తాయి, వాటిలోంచే నీళ్లు లోపలికి పోతాయి. ఎక్కువ సిమెంట్ వేస్తే గోడ గట్టిగా ఉంటుందని మనవాళ్లకు ఒక నమ్మకం. గిలాబు విషయంలో అది సగమే నిజం. నీళ్లు బాగా కొట్టిన 1:5, నీళ్లు సరిగా కొట్టని 1:4 కంటే మేలు. కనీసం వారం రోజులు గోడ ఆరకుండా చూసుకునే మనిషి ఇంట్లో ఉన్నాడా అన్నది పాళ్ల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇక మొత్తం లెక్క. 295ను 0.95తో గుణిస్తే 280. 1:5కు 66తో భాగిస్తే 4.25 బస్తాలు. కింద రాలిపోయేదానికి, తట్టల్లో అంటుకుని మిగిలేదానికి పదో వంతు కలపండి, 4.7 అయింది. 5 బస్తాలు కొనాలి. 1:4కు 55తో భాగిస్తే 5.1, పదో వంతు కలిపితే 5.6. 6 బస్తాలు కొనాలి. మీ మేస్త్రి చెప్పింది ఈ అంకే. ఆయన కాగితం మీద ఇంత లెక్క వేసి ఉండకపోవచ్చు, ఇలాంటి గోడలు చేసిన చేతికి అది తెలిసిపోతుంది. కాబట్టి ఎందుకు ఎక్కువ చెప్పావని కాకుండా, మాలు ఎంతకెంత కలుపుతున్నావని అడగండి. 1:5 అన్నాడంటే 5 బస్తాలు తెచ్చి, ఆరోది అవసరమైతే షాపులోంచి తెచ్చుకుందామని చెప్పండి. మిగిలిన బస్తా వానాకాలం ఇంట్లో పడి ఉంటే గడ్డకడుతుంది.

ఇసుక రెండు మాళ్లకూ దాదాపు ఒకటే పడుతుంది, 30 ఘనపు అడుగులు. ఇక్కడ కూడా ఒక తిరకాసు ఉంది, అది బస్తాల లెక్కను కూడా కదుపుతుంది. మానేరు ఇసుకైనా, గోదావరి ఇసుకైనా మనకు చేరేసరికి తడిగా ఉంటుంది. తడి ఇసుక ఉబ్బుతుంది. కొద్దిపాటి తేమకే తట్టలో నాలుగో వంతు దాకా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. కూలీలు తట్టలతో కొలిచి బస్తాకు ఇన్ని తట్టలని పోస్తారు కాబట్టి, తట్ట నిండుగా కనిపించినా అందులో ఇసుక తక్కువే. అప్పుడు 1:5 అనుకుని కలిపింది నిజానికి 1:4 అవుతుంది, బస్తాకు వచ్చే గోడ తగ్గుతుంది, ఎవరూ తప్పు చేయకుండానే సిమెంట్ ముందుగా అయిపోతుంది. దీన్ని ఇంట్లోనే సరిచూడొచ్చు. నిలువుగా ఉండే గాజు గ్లాసులో తడి ఇసుక అంచు దాకా వదులుగా నింపి, ఎత్తు కొలిచి, దాన్ని పళ్లెంలోకి తీసేయండి. గ్లాసులో సగం నీళ్లు పోసి, అదే ఇసుకను మెల్లగా వేస్తూ కలిపి, అడుగుకు కుదురుకోనివ్వండి. నీళ్లలో పూర్తిగా మునిగిన ఇసుక పొడి ఇసుక ఎంత జాగా తీసుకుంటుందో దాదాపు అంతే తీసుకుంటుంది. 10 సెంటీమీటర్లు నింపింది 8కి దిగిందంటే, 8 పాళ్ల ఇసుక 10గా ఉబ్బి ఉందన్న మాట. అప్పుడు నాలుగు తట్టలు పోయాల్సిన చోట ఐదు పోయమని చెప్పాలి. ఈ ఉబ్బు కలుపుకుని మీకు 38 నుంచి 40 ఘనపు అడుగుల తడి ఇసుక కావాలి. జల్లెడ పట్టాక పైన మిగిలే గులకరాళ్లకు ఇంకొంచెం చూసుకోండి.

పదో వంతు వృథా అన్నాను కదా, దాన్ని తగ్గించుకోవచ్చు. గోడ మొదట్లో ఇటుక ముక్కలు తీసేసి టార్పాలిన్ పరిపించండి. రాలిన మాలు మట్టి అంటకుండా ఉంటే వెంటనే ఎత్తి మళ్లీ వాడొచ్చు. అలా కాకుండా గంటలు గడిచి బిగుసుకున్న మాలులో నీళ్లు పోసి మెత్తబరిచి కొడితే మాత్రం ఒప్పుకోవద్దు, అది గోడను పట్టుకోదు. పని మొదలయ్యే ముందు గోడను బాగా తడపడం కూడా మర్చిపోవద్దు. పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేస్తే గిలాబు డొల్లగా తయారవుతుంది, తర్వాత వేలితో తడితే ఖాళీ కుండలా మోగుతుంది. అలా మోగిన చోట చెక్కి మళ్లీ చేయాల్సిందే, ఆ సిమెంట్ ఈ లెక్కలో లేదు.

దూరంగా ఉండి మీరు సరిచూడగలిగే సమయం ఒకటుంది. మొదటి కోటు గోడంతా పూర్తయిన రోజు. పై కోటుకు 8 ఎంఎం పోతే మొదటి కోటు 16, అంటే మొత్తంలో మూడింట రెండు వంతులు. 1:5 మాలైతే ఆ సాయంత్రానికి మూడు బస్తాలు దాటి ఇంకొంచెం, 1:4 అయితే మూడుముప్పావు దాకా అయి ఉండాలి. ఖాళీ సంచులు పారేయకుండా పక్కన పెట్టమని బాపుకు చెప్పండి, ఫోన్‌లో వాటిని లెక్కపెట్టి చూపిస్తే చాలు. నాలుగున్నర అయ్యాయంటే గోడ మనం అనుకున్నదానికంటే లోతుగా అయినా ఉండాలి, తట్టలో ఇసుక తక్కువైనా పడుతుండాలి. అప్పుడు పై కోటుకు ముందు తొమ్మిది చోట్ల కొలతలు మళ్లీ తీయించి, ఇంకా ఎన్ని బస్తాలు కావాలో ఆ అంకెలతో లెక్కేసి పరకాలలోని షాపుకు ఫోన్ చేయండి.